సన్న ధమనులు మాయమయ్యేది ఎక్కడంటే: 3D Slicer వాల్యూమ్ రెండరింగ్‌తో నా అనుభవం

కిడ్నీ దాతల సీటీ యాంజియో స్కాన్లను త్రీడీ బొమ్మలుగా చేసి సర్జన్లకు చూపించడం నా పనిలో భాగం. అందుకు కొన్నేళ్లుగా 3D Slicer లోని Volume Rendering మాడ్యూల్ వాడుతున్నాను. ఉచితంగా దొరుకుతుంది, ఓపెన్ సోర్స్, లోపల బొమ్మ గీసే పని వీటీకే లైబ్రరీ చేస్తుంది. రోగ నిర్ధారణకు దీనికి అనుమతి లేదు కాబట్టి రిపోర్టు రేడియాలజిస్టు స్లైసులు చూసే రాస్తారు. ఆపరేషన్‌కు ముందు ఏ నాళం ఎటు నుంచి వస్తోందో సర్జన్ కళ్లకు కట్టడానికే నా బొమ్మ. ఇన్నాళ్ల వాడకంలో నా టైమంతా తిన్నదీ, అన్నిటికంటే ఎక్కువ నేర్పిందీ ఏ విలువ ఎంత దట్టంగా కనబడాలో చెప్పే ఒపాసిటీ గీతే. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

రే కాస్టింగ్‌లో స్క్రీన్ మీది ప్రతి పిక్సెల్ నుంచి ఒక కిరణం స్కాన్ లోపలికి వెళ్తుంది. కొద్ది కొద్ది దూరంలో ఆగి అక్కడి హౌన్స్‌ఫీల్డ్ విలువ, అంటే ఆ చోటు ఎక్స్‌రేను ఎంత ఆపుతుందో చెప్పే అంకె చదువుతుంది. ఆ విలువకు ఏ రంగు, ఎంత ఒపాసిటీ అన్నది ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ చెబుతుంది. వాటిని ముందు నుంచి వెనక్కి కలుపుకుంటూ పోయి, పిక్సెల్ దాదాపు నిండిపోయాక కిరణం ఆగిపోతుంది. గాలి -1000, కొవ్వు -100 దగ్గర, నీరు 0, కండ 50 దగ్గర, నాళాలు కనబడటానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందు బాగా ఎక్కిన అయోర్టా, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద ధమని, 300 నుంచి 400. ఇది ధమని, ఇది ఎముక అన్న సంగతి ప్రోగ్రాంకు తెలియదు. దానికి తెలిసింది అంకె ఒక్కటే.

ఒక కేసు వివరంగా చెబుతాను. మూత్రపిండానికి సాధారణంగా ఒకే ధమని ఉంటుంది, కానీ అదనపు ధమని ఉన్నవాళ్లు కూడా తక్కువేమీ కాదు. కిడ్నీ తీసి ఇంకొకరికి పెట్టాలంటే అలాంటి నాళం ఉందా లేదా అన్నది సర్జన్‌కు ముందే తెలియాలి. ఈ స్కాన్‌లో అయోర్టా విలువ 360 దగ్గర ఉంది. ఎడమ కిడ్నీ ప్రధాన ధమని మందం 5 మిల్లీమీటర్లు, లోపల 340. దాని కింద అయోర్టా నుంచే మొదలై కిడ్నీ కింది కొసకు పోతున్న ఇంకో నాళం స్లైసుల్లో కనబడింది. మందం 2 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, మధ్యలో విలువ 190 మాత్రమే. రక్తం అదే, కాంట్రాస్టూ అదే. మరి విలువ ఎందుకు పడిపోయింది? నాళం అంత సన్నగా ఉన్నప్పుడు స్కానర్ ఇచ్చే ప్రతి అంకెలో చుట్టూ ఉన్న కొవ్వు కూడా కలుస్తుంది. దీన్నే పార్షియల్ వాల్యూమ్ అంటారు.

ఒపాసిటీ 220 దగ్గర మొదలయ్యేలా గీత ఉంటే బొమ్మ భలే నీటుగా వస్తుంది. అయోర్టా, ప్రధాన ధమని నిగనిగలాడతాయి, కానీ రెండో నాళం అసలు ఉండదు. చూసేవాళ్లకు అనుమానం రావడానికి అక్కడ ఆనవాలు కూడా మిగలదు. ప్రధాన ధమని కూడా నిజానికంటే సన్నగా కనబడుతుంది, ఎందుకంటే దాని అంచుల విలువ 340 నుంచి కొవ్వు దాకా జారుతూ వస్తుంది. ఆ రెండిటి మధ్య విలువ 120 దగ్గర గీత మొదలైతే నాళం మందం దాదాపు సరిగ్గా వస్తుంది. అంటే గీత మొత్తాన్ని పక్కకు నెట్టే Shift స్లైడర్‌ను కాస్త జరిపితే చాలు, లేని ఇరుకు ఉన్నట్టు కనబడవచ్చు, ఉన్న ఇరుకు కనబడకుండా పోవచ్చు. అందుకే ఈ బొమ్మ మీద నేను ఎప్పుడూ కొలతలు తీయను.

సన్న నాళానికి ఇంకో దెబ్బ కూడా ఉంది. ఒపాసిటీ అనేది దూరంతో పాటు పోగవుతుంది. సూత్రం ఇదీ:

```
A = 1 - (1 - a)^(d/d0)
```

d0 దూరానికి ఒపాసిటీ a, కిరణం నాళంలో దాటే దూరం d, చివరికి పోగయ్యే ఒపాసిటీ A. d0 ఒక మిల్లీమీటరు, a విలువ 0.3 అనుకుందాం. కిరణం 4 మిల్లీమీటర్ల నాళం దాటితే A 0.76 అవుతుంది. ఒక్క మిల్లీమీటరే దాటితే 0.3 దగ్గరే ఆగుతుంది. కాబట్టి గీతను కిందికి దించడం ఒక్కటే సరిపోదు, మొదట్లోనే అది కాస్త నిటారుగా లేవాలి. నేను సాధారణంగా మొదలుపెట్టే గీత ఇలా ఉంటుంది, ఇందులో op అంటే వాల్యూమ్ ప్రాపర్టీ నుంచి ముందే తీసుకున్న స్కేలార్ ఒపాసిటీ ఫంక్షన్:

```python
op.RemoveAllPoints()
op.AddPoint(-1024, 0.0)
op.AddPoint(110, 0.0)
op.AddPoint(180, 0.35)
op.AddPoint(400, 0.8)
```

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. ధమనుల ఫేజ్‌లో కిడ్నీ పైపొర కూడా కాంట్రాస్ట్ పీల్చుకుని 150 దాటుతుంది. వెన్నుపూసల లోపలి మెత్తని ఎముక కూడా అదే శ్రేణిలో ఉంటుంది. గీత దించగానే రెండూ తేలిపోయి నాళాలను కప్పేస్తాయి. అంకె ఒకటే అయినప్పుడు ఏ రంగు వేసినా వాటిని విడదీయలేం. గ్రేడియంట్ ఒపాసిటీ కొంత సాయపడుతుంది, విలువ వేగంగా మారే అంచులను ఉంచి లోపలి భాగాన్ని పలచన చేస్తుంది. కానీ స్కాన్‌లో నాయిస్ ఎక్కువైతే అది ప్రతి చుక్కనూ అంచే అనుకుంటుంది, బొమ్మంతా ఇసుక చల్లినట్టు అయిపోతుంది. నాకు ఎక్కువగా పనికొచ్చింది మామూలు పద్ధతే: Crop ఆన్ చేసి, చూపాల్సిన భాగాన్ని చుట్టే ఆర్‌ఓఐ పెట్టెను వెన్నుపూసల ముందు అంచు దాకా లాగడం. వెన్నుపూస అంచుకు ఆనుకుని నాళం పోతున్న కేసుల్లో Segment Editor లో ఎముకను విడిగా గుర్తించి తీసేయాలి. దానికి టైమ్ పడుతుంది, కానీ చేయక తప్పదు.

రెడీమేడ్ ప్రీసెట్లు మొదలుపెట్టడానికి బాగుంటాయి, వాటినే నమ్ముకుని కూర్చోకూడదు. వాటిలోని అంకెలు మారవు, స్కాన్లు మారతాయి. 120 కేవీకి బదులు 80 కేవీతో తీస్తే అయోడిన్ విలువలు బాగా పెరుగుతాయి. కాంట్రాస్ట్ టైమింగ్ తప్పితే సగానికి పడిపోతాయి. అందుకే గీత ముట్టుకునే ముందు స్లైస్ మీద మౌస్ పెట్టి, ఎడమ పక్క కింద ఉండే Data Probe లో అయోర్టా, అన్నిటికంటే సన్న నాళం, కిడ్నీ పైపొర, కొవ్వు విలువలు చూసి రాసుకుంటాను. ఆ అంకెలను బట్టే గీత పెడతాను.

ఏ సిరీస్ లోడ్ చేస్తున్నామన్నది కూడా అంతే ముఖ్యం. ఒకే స్కాన్‌లో 5 మిల్లీమీటర్ల స్లైసులు, 1 మిల్లీమీటరు స్లైసులు, ఎముకల కోసం పదునైన కెర్నెల్‌తో, అంటే అంచులను పదునుగా చూపే ఫిల్టర్‌తో చేసినవి అన్నీ కలిసి వస్తాయి. 5 మిల్లీమీటర్ల వాటితో నాళాలు మెట్లుమెట్లుగా వస్తాయి, పదును కెర్నెల్‌తో నాయిస్ పెరుగుతుంది. సన్న స్లైసులు, మెత్తని కెర్నెల్ ఉన్న సిరీసే వెతికి పట్టుకోవాలి. 512×512 స్లైసులు 600 ఉంటే డేటా 300 ఎంబీ, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు చాలు. తిప్పేటప్పుడు Adaptive, ఫొటో తీసేటప్పుడు Maximum పెడతాను. కిరణం అడుగులు దూరదూరంగా పడితే వంపు తిరిగిన చోట చెక్కమీది గీతల్లాంటి చారలు వస్తాయి, Maximum లో అవి దాదాపు పోతాయి.

సర్జన్లకు ఇప్పుడు ఒక్కో దాతకు రెండు బొమ్మలు ఇస్తున్నాను. ఒకటి షేడింగ్‌తో, లోతు తెలియడానికి. రెండోది అదే కోణం నుంచి ఎంఐపీ. ఎంఐపీలో కిరణం దారిలోని గరిష్ఠ విలువే తీసుకుంటుంది కాబట్టి కిరణం నాళంలో తక్కువ దూరం దాటినంత మాత్రాన అది పలచబడదు, కాకపోతే ఏది ముందో ఏది వెనకో తెలియదు. మొదటి బొమ్మ మూలన గీత ఎక్కడ మొదలైందో ఆ విలువ కూడా రాస్తాను. రెండింటిలో నాళాల లెక్క తేడా వస్తే సర్జన్, నేను కలిసి మళ్లీ స్లైసులు తెరుస్తాం.