టానిక్ వాటరా, సోడానా, స్పార్క్లింగ్ వాటరా: బాపు కోసం లేబుళ్లు చదివితే తేలింది

మా బాపుకు డెబ్బై దాటాయి. బీపీ ఉంది, షుగర్ ఉంది. ఈ ఎండాకాలం రాత్రుళ్లు పిక్కలు గుంజుకుపోతున్నాయని లేచి కూర్చునేవాడు. టానిక్ వాటర్ తాగితే తగ్గుతుందని ఎవరో చెప్పారట, తమ్ముడు హనుమకొండ చౌరస్తా దగ్గర నాలుగు సీసాలు కొనుక్కొచ్చాడు. పక్కనే సోడా, స్పార్క్లింగ్ వాటర్ కూడా పెట్టుకుని మూడింటి లేబుళ్లు చదివాను. చూడ్డానికి మూడూ బుడగల నీళ్లే, కానీ వెనకాల రాసింది వేరు.

టానిక్ వాటర్‌లో ముందు చూడాల్సింది చక్కెర. మేం తెచ్చిన సీసా మీద 100 మిల్లీలీటర్లకు 8.5 గ్రాములని ఉంది. తక్కువే అనిపిస్తుంది, కానీ ఆ సీసా 300 మిల్లీలీటర్లు. మూడుతో గుణిస్తే 25.5 గ్రాములు, అంటే దాదాపు 5 చెంచాల చక్కెర. మన లేబుళ్లలో శాతం లెక్కకు రోజుకు 50 గ్రాముల అదనపు చక్కెరను ప్రమాణంగా తీసుకుంటారు. అందులో సగం ఒక్క సీసాలోనే పోయింది. టానిక్ వాటర్‌లో కలిపే మలేరియా మందు క్వినైన్ చేదు తీపిని కప్పేస్తుంది కాబట్టి నాలుకకు ఇంత చక్కెర ఉందని తెలియదు.

ఇక క్వినైన్. పదార్థాల జాబితాలో ఇది చివరి వరుసల్లో ఉంటుంది, క్వినైన్ సల్ఫేట్ అనో హైడ్రోక్లోరైడ్ అనో రాస్తారు. ఎంత ఉందో చాలా సీసాల మీద ఉండదు. అమెరికా నియమం ప్రకారం లీటరుకు 83 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ గరిష్ఠం పట్టుకున్నా మన 300 మిల్లీలీటర్ల సీసాలో 25 మిల్లీగ్రాములే. మలేరియాకు పెద్దవాళ్లకిచ్చే ఒక్క మోతాదు దాదాపు 600 మిల్లీగ్రాములు. అంత మందుకు సరిపోవాలంటే 24 సీసాలు తాగాలి. పైగా అసలు మాత్ర రూపంలోనే కాలి పట్లకు క్వినైన్ వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం, గుండె లయ తప్పడం వంటి ప్రమాదాలున్నాయి.

కొద్దిపాటిదే కదా, ఏం కాదులే అనుకోవడానికి కూడా లేదు. క్వినైన్ పడని వాళ్లకు టానిక్ వాటర్‌లోని ఆ కొంచెంతోనే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. తాగాక చర్మం మీద చిన్న ఎర్ర చుక్కలు, కారణం లేకుండా కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పోవాలి. వార్ఫరిన్ వంటి రక్తం పలచబడే మాత్రలు, గుండె లయకు మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. డైట్ టానిక్ అని అమ్మేదాంట్లో చక్కెర పోయి సుక్రలోజో ఆస్పర్టేమో వస్తుంది, క్వినైన్ మాత్రం అలాగే ఉంటుంది. బాపు విషయంలో టానిక్ వాటర్ మాట అక్కడితో వదిలేశాను.

మిగిలినవి సోడా, స్పార్క్లింగ్ వాటర్. మామూలు సోడాలో చక్కెర సున్నా. కొన్నిట్లో రుచికి సోడియం బైకార్బొనేట్ కలుపుతారు, 500 అనే నంబరు ఉంటే అదే. బీపీ ఉన్నవాళ్లు దాన్ని చూసి భయపడతారు, నేనూ భయపడ్డాను. మా సోడా మీద 100 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాముల సోడియం ఉంది, సీసా మొత్తానికి 60. రోజుకు 2000 దాటొద్దంటారు కాబట్టి ఇది పెద్ద లెక్క కాదు. అసలు సంగతి నిమ్మకాయ సోడాలో ఉంది. బండి మీద వేసే పావు చెంచా ఉప్పులోనే దాదాపు 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. సోడా కంటే పదింతలు! మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి తాగితే రోజు కోటాలో సగం దాటిపోతుంది. ఆ గ్లాసుకు లేబుల్ కూడా ఉండదు, చేసేవాడికి "ఉప్పు వద్దన్నా" అని మనమే చెప్పాలి.

ఏమీ కలపని స్పార్క్లింగ్ వాటర్‌లో సాధారణంగా నీళ్లు, గ్యాస్ తప్ప మరేమీ ఉండవు. ఖనిజాలున్న రకమైతే సోడియం అంకె సీసా సీసాకూ మారుతుంది, అది చూసుకోవాలి. నిమ్మ బొమ్మ వేసిన రకాల్లో నిమ్మరసమే ఉండాలని లేదు, ఫ్లేవర్ అని మాత్రమే రాసి ఉంటుంది. అది కొంటే చక్కెర వరుసలో సున్నా ఉందో లేదో చూడాలి, ఎందుకంటే ఒకే పేరుతో తీపిదీ, తీపి లేనిదీ రెండూ వస్తాయి.

బాపుకు మామూలు సోడానే మేలని నా నిర్ణయం. స్పార్క్లింగ్ వాటర్‌కు ఎక్కువ డబ్బు పెట్టాల్సిన తేడా నాకు కనిపించలేదు. ఉప్పు లేకుండా సగం నిమ్మకాయ పిండి ఇస్తున్నాం. పిక్కల సంగతి డాక్టర్‌కి చెబితే, బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయే రకం ఉందా అని చూసి, రక్తంలో పొటాషియం పరీక్ష రాశారు.