మూడేళ్లుగా వాడుతున్న పొదుపు యాప్: నా పేచీ అంతా దాని పేరుతోనే

ఈ యాప్‌ను మూడేళ్ల రెండు నెలలుగా వాడుతున్నాను. నా ఫోన్‌లోనే కాదు, పిన్ని ఫోన్‌లోనూ నాన్న ఫోన్‌లోనూ నేనే పెట్టాను. ఇద్దరూ అంతకుముందు ఫోన్‌తో ఒక్కసారి కూడా డబ్బు కట్టి ఎరగరు. వడ్డీ ఎంత, డబ్బు వెనక్కి తీసుకుంటే ఎన్నాళ్లకు వస్తుంది లాంటివి అందరూ రాసేశారు, ఆ విషయంలో నాకూ ఫిర్యాదు లేదు. ఇన్నాళ్లలో పిన్ని నాకు కంగారుగా ఫోన్ చేసిన ప్రతిసారీ తీగ లాగితే డొంక కదిలింది ఒకే చోట, పేరు దగ్గర. అందుకే ఈ సమీక్ష పేరు గురించి. అసలు పేరు మాత్రం ఇక్కడ రాయను. వాళ్లను బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు.

మొదట్లో దానికి ఇంగ్లీషులో అల్లిన పేరుండేది. ఏ నిఘంటువులోనూ లేని మాట, చివర్లో రెండు z లు. నాకు బాగానే అనిపించింది. పిన్ని మాత్రం దాన్ని ఏడాది పొడుగునా ‘ఆ ఆకుపచ్చది’ అనే పిలిచింది. నవ్వుకుని వదిలేశాను గానీ, దాని ఇబ్బంది తర్వాత అర్థమైంది. కొత్తగా వాడేవాళ్లు యాప్‌లోని షరతులు చదివి నమ్మరు. పక్కవాళ్లను అడిగి నమ్ముతారు. ‘నువ్వూ ఇదే వాడుతున్నావా, డబ్బు సరిగ్గా వస్తోందా’ అని అడగాలంటే ముందు పేరు నోటికి రావాలి. పిన్ని ఎవరినీ అడగలేదు. తప్పు పలికితే నవ్వుతారేమోనని మొహమాటం. ఆమెకు తెలిసినవాళ్లలో అదే యాప్ వాడే మనిషి ఒకరున్నారని, పేరు మారాక గానీ బయటపడలేదు.

ఆ పాత పేరులో ఇంకో చిక్కు. వినగానే దూసుకుపోయేది ఏదో స్ఫురిస్తుంది. డబ్బు పంపే యాప్‌కు వేగం మంచి గుణమే. గూగుల్ 2017లో చెల్లింపుల యాప్ తెచ్చినప్పుడు హిందీలో వేగమని అర్థం వచ్చేలా ‘తేజ్’ అని పెట్టింది, మరుసటి ఏడాదే దాన్ని గూగుల్ పే చేసింది. కానీ దాచుకునే డబ్బు వేగంగా ఎటు పోవాలట? ఈ తేడా కెన్యాలో చక్కగా కనిపిస్తుంది. అక్కడ 2007లో వచ్చిన ఎం-పెసాలో ‘పెసా’ అంటే స్వాహిలీలో డబ్బు, ‘ఎం’ అంటే మొబైల్. డబ్బు పంపుకునే సేవకు డబ్బు అనే పేరు. 2012లో ఆ సేవను నడిపే సంస్థే ఒక బ్యాంకుతో కలిసి పొదుపు ఖాతా తెచ్చినప్పుడు మాత్రం ఎం-ష్వారి అంది. ‘ష్వారి’ అంటే ప్రశాంతం, నెమ్మది. చేసే పని మారింది కాబట్టి మాట స్వభావమూ మార్చారు. ముందున్న ఎం మాత్రం కదల్లేదు, ‘మనకు తెలిసినవాళ్లదే’ అని గుర్తుపట్టడానికి.

మా యాప్‌కు పద్నాలుగో నెలలో పేరు మార్చారు. కొత్తది తెలుగు పేరు: ముందు ఒక చిన్న మాట, తర్వాత ‘పొదుపు’. నాన్న ఒక్కసారి విని తిరిగి చెప్పేశాడు. పేరు ఎంపికకు నా మార్కులు వంద. హుండీ అని పెట్టి ఉంటే ‘అందులో వేసింది తిరిగొస్తుందా’ అనేవాడు, ఆయన సంగతి నాకు తెలుసు. పొదుపు అనే మాటకు అలాంటి గతం లేదు, కాస్త చప్పగా ఉంటుంది. డబ్బు దగ్గర చప్పదనమే మేలు.

మార్చిన తీరు మాత్రం ఘోరం. ఒక రాత్రి అప్‌డేట్ వచ్చింది. తెల్లారేసరికి బొమ్మ మారింది, రంగు మారింది, పేరు మారింది. పొద్దున్నే పిన్ని ఫోన్. “ఏమే, మన ఆకుపచ్చది పోయిందే! దాని చోట ఎవరిదో వచ్చి కూర్చుంది.” మారుతున్నట్టు వాళ్లు మెసేజ్ పంపకపోలేదు. పంపారు, కొత్త పేరు మీద. ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి ‘నేనే మీ పాతవాణ్ణి’ అంటే ఎవరు నమ్ముతారు? ఆ కబురు పాత పేరు మీద రావాలి. కనీసం మూడు నాలుగు నెలలు కొత్త పేరు కింద పాతది కూడా కనబడాలి, రంగైనా అదే ఉంచాలి. పిన్ని ఆ వారమే మొత్తం డబ్బు వెనక్కి తీసుకుంది. మళ్లీ వేయించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఇక అసలు కథ. పేరు తెలుగులో బాగుంది, కానీ ఫోన్‌లో అది తెలుగులో ఎక్కడ కనిపిస్తుంది? యాప్ లోపల, ప్రకటనల్లో. మెసేజ్ వచ్చినప్పుడు పంపినవారి పేరు చోట ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి, అవీ కొన్నే పడతాయి. వీళ్ల పూర్తి పేరు ఇంగ్లీషులో రాస్తే ఆ చోటు చాలదు. అందుకని అచ్చులన్నీ పీకేసి హల్లుల ముద్ద ఒకటి తయారు చేశారు. అది పేరని నేను చెప్తే గానీ నాన్నకు తెలియలేదు. హోం స్క్రీన్ మీద బొమ్మ కింద చోటు కూడా అంతే ఇరుకు. నాన్న ఫోన్‌లో ముందున్న చిన్న మాట కనిపించి, పొదుపు దగ్గర తెగి మూడు చుక్కలు పడతాయి. ఏ మాట కోసం పేరు మార్చారో ఆ మాటే కనబడదు.

పైగా Podupu అని రాస్తే d ని ద అనుకోవచ్చు, డ అనుకోవచ్చు. పొదుపును పొడుపు చేయడం ఎంత తేలికో చూడండి. మా ముగ్గురినీ ఎవరిది వాళ్లను టైప్ చేయమంటే నేను Podupu, నాన్న Podhupu, పిన్ని Pothupu అని కొట్టాం. యాప్ స్టోర్‌లో ఈ మూడింటికీ ఫలితాలు వేరు. పిన్ని స్పెల్లింగుకు మొదట వచ్చినది వేరే ఎవరిదో అప్పుల యాప్, బొమ్మ కూడా దగ్గర దగ్గరగా ఉంది.

దీని వల్ల ఒకసారి ప్రమాదం అంచుదాకా వెళ్లాం. పిన్ని ఖాతా నుంచి నెలనెలా కొంత డబ్బు దానంతటదే వెళ్లేలా పెట్టాను. మళ్లీ మొదలుపెట్టిన మొదటి నెల, డబ్బు కట్ అయినట్టు ఆమె బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. అందులో యాప్ పేరు లేదు. దాన్ని నడిపే కంపెనీ రిజిస్టరు చేయించుకున్న పేరుంది, అది మేం ఎన్నడూ విననిది. నాకు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. దాంతో ఆమె యాప్ పేరు పలికి, సహాయం నంబరు కావాలని ఫోన్‌నే అడిగింది. మైకు ఏం విన్నదో గానీ ఒక నంబరు ఇచ్చింది. ఎత్తినవాడు మర్యాదగానే మాట్లాడాడట. డబ్బు వెనక్కి వేస్తాం, ముందు ఒక యాప్ పెట్టుకోండి, మీ స్క్రీన్ మాకు కనబడాలి అన్నాడట. ఆమె పెట్టుకోబోతుండగా అతను మా యాప్ పేరు పలికాడు, ‘పొడుపు’ అని.

“సొంత దుకాణం పేరు పలకలేనివాడు అక్కడ పనిచేస్తాడా?” అని పెట్టేసిందట. సాయంత్రం ఈ మాట చెబుతుంటే నాకు చేతులు చల్లబడ్డాయి. ఇంగ్లీషు అక్షరాలు చూసి చదివిన ఆ మోసగాడికి ద, డ తేడా తెలియలేదు. పిన్ని చెవికి తెలిసింది. పాత పేరైతే అతను ఎలా పలికినా ఆమెకు అనుమానం వచ్చేది కాదు, ఆమెకే పలకడం రాదు కదా. అంటే ఆమెను ఊబిలోకి నెట్టిందీ పేరే, బయటికి లాగిందీ పేరే.

నేను యాప్ వాళ్లకు రాసిన ఫిర్యాదులో ఒకటే అడిగాను: బ్యాంకు మెసేజ్‌లో మీ కంపెనీ పేరు కాదు, మేం ఎరిగిన పేరు ముందు రావాలి. కార్డు లావాదేవీల్లో ఆ వరసకు సాధారణంగా 22 అక్షరాల దాకా చోటుంటుంది, కంపెనీ పేరు చివర తగిలించే తోకలన్నీ తీసేస్తే రెండూ పడతాయి. ఐదు నెలలు పట్టింది గానీ మార్చారు. ఇప్పుడు పిన్ని ఆ మెసేజ్ చూసి నాకు ఫోన్ చేయడం మానేసింది. మెసేజ్ పంపినవారి చోట హల్లుల ముద్ద మాత్రం ఇంకా అలాగే ఉంది.

‘ఇది బ్యాంకేనా?’ అని నాన్న అప్పుడప్పుడు అడుగుతుంటాడు. కాదు, డబ్బు ఉండేది వీళ్లతో ఒప్పందం ఉన్న బ్యాంకులో. పేరులో బ్యాంకు అనే మాట పెట్టుకుంటే ఆయన మొదటి రోజే నమ్మేవాడు, కానీ అది అబద్ధపు నమ్మకం. లైసెన్సు లేనివాళ్లు ఆ మాట వాడకూడదని చాలా దేశాల్లో చట్టమే ఉంది. అమెరికాలో చైమ్ అనే యాప్ తన వెబ్ చిరునామాలో బ్యాంకు అనే మాట పెట్టుకుంటే, 2021లో కాలిఫోర్నియా నియంత్రణ సంస్థతో రాజీ కుదుర్చుకుని తీసేయాల్సి వచ్చింది. మా యాప్ ఆ పని చేయలేదు, సంతోషం. కాకపోతే ఆ బ్యాంకు పేరు నాలుగు తెరలు లోపల చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది. అది మొదటి తెర మీద, యాప్ పేరు కిందే ఉంటే నాన్న ప్రశ్నకు నేను ప్రతిసారీ జవాబు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఎవరు కొత్త యాప్ పెట్టమన్నా ముందు పిన్నికి ఫోన్ చేసి పేరు ఒక్కసారి చెప్తాను. మర్నాడు మళ్లీ అడుగుతాను. గుర్తుంటే టైప్ చేసి పంపమంటాను. చిన్న మొత్తం ఒకటి వేసి బ్యాంకు మెసేజ్‌లో ఏ పేరు వచ్చిందో చూస్తాను. పోయిన నెల ఒకటి మొదటి మెట్టు దగ్గరే పోయింది. “అదేదో జ్వరం మందులా ఉందే” అంది.

మా యాప్‌కు నా నక్షత్రాలు నాలుగు. పేరుకు విడిగా ఇవ్వమంటే మూడు. మెసేజ్‌లో అచ్చులు తిరిగొచ్చిన రోజున నాలుగోది ఇస్తాను.