టర్కీ టవల్, ఫ్రెంచ్ టెర్రీ హుడీ, జెర్సీ టీషర్ట్: కొన్నేళ్లు వాడాక

హనుమకొండలోని మా ఇంట్లో టర్కీ టవళ్లు, ఒక ఫ్రెంచ్ టెర్రీ హుడీ, నాలుగైదు జెర్సీ టీషర్టులు ఏళ్ల తరబడి వాడకంలో ఉన్నాయి. అన్నీ కాటన్‌వే. అయినా ఒకటి నీళ్లు పీలుస్తుంది, ఒకటి పొద్దుటి చలిని ఆపుతుంది, ఒకటి ఒంటితో పాటు సాగుతుంది. నూలు లూప్‌గా మారి బట్టలో ఎక్కడ నిలబడింది అన్నదే ఈ తేడాకు కారణం. కొనేటప్పుడు బ్రాండ్ కంటే ముందు దీన్నే చూడాలని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను.

టవల్ ఒక్కటే మగ్గం మీద నేసిన బట్ట. హుడీ, టీషర్టు రెండూ మెషీన్ సూదుల మీద అల్లినవి. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక పెద్దాయన మాకు బాగా తెలుసు. వయసులో ఉన్నప్పుడు షోలాపూర్‌లో టవళ్ల మగ్గాల మీద పనిచేశారు. "కాకా, టవల్‌కు లూప్ ఎట్ల లేస్తది?" అని ఒకసారి అడిగాను.

"నిలువు నూళ్లు, అంటే పడుగులు, రెండుంటయి బిడ్డా. ఒకటి బిగువు, ఒకటి వదులు. అడ్డం పోసే పేకలు రెండింటిని కొంచెం దూరంగనే ఆపుతం. మూడోది పడంగనే మూడింటినీ కలిపి ముందుకు కొడ్తం. బిగువు పడుగు మీద పేకలు జారుతయి. వదులు పడుగు జారదు, లేచి నిలవడ్తది" అన్నారు.

అంటే టవల్‌లో అసలు బట్ట అడుగున వేరే ఉంది. లూప్ దాని మీద అదనంగా రెండు వైపులా నిలబడింది. ఆ లూప్‌కు వాడే నూలుకు మెలిక తక్కువ పెడతారు కాబట్టి పోగుల మధ్య ఖాళీ ఉంటుంది, నీళ్లు అందులోకి పాకుతాయి. కొత్త టవల్ మొదట్లో నీళ్లు సరిగ్గా పీల్చదు. షాపులో మెత్తగా తగలాలని ఫ్యాక్టరీలో పెట్టిన పూత రెండు మూడు ఉతుకులకు పోతే గానీ దాని పని మొదలుకాదు. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ కూడా అదే పూతను మళ్లీ తెచ్చిపెడుతుంది. అందుకే మా ఇంట్లో టవళ్లకు కండిషనర్ వేయం. బోరు నీళ్ల వల్ల గరుకెక్కితే జాడించేటప్పుడు ఆఖరి నీళ్లలో కొంచెం తెల్ల వెనిగర్ కలుపుతాం. ఆరేసే ముందు, ఆరాక గట్టిగా దులిపితే పడుకున్న లూపులు లేస్తాయి.

మందం విషయంలో నా సలహా ఒకటే: మరీ బరువైనది కొనకండి. బట్ట బరువును చదరపు మీటరుకు గ్రాముల్లో చెబుతారు, దాన్నే జీఎస్ఎం అంటారు. లేబుల్ మీద రాసింది నిజమో కాదో కిరాణా కొట్టు కాంటా మీద తేలిపోతుంది. 75 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవున్న టవల్ వైశాల్యం 1.125 చదరపు మీటర్లు. అది 450 జీఎస్ఎం అయితే ఆరిన టవల్ దాదాపు 506 గ్రాములు తూగాలి. 600 అయితే 675 గ్రాములు. 420 గ్రాములే తూగిందంటే అసలు జీఎస్ఎం 373 అన్నమాట. 600 రకం చలికాలంలో హాయిగానే ఉంటుంది గానీ, శ్రావణంలో ముసురు పట్టినప్పుడు రెండు రోజులైనా లోపలి తడి పోదు, వాసన వస్తుంది. మన వానాకాలానికి 400–450 చాలు.

ఇక ఫ్రెంచ్ టెర్రీ. ఆన్‌లైన్ షాపుల్లో దీనికీ టవల్‌కీ కలిపి టెర్రీ అనే పేరే కనిపిస్తుంది కాబట్టి చాలామంది పొరబడతారు. తిరుప్పూర్ హోజరీ వ్యాపారంలో దీన్ని లూప్ నిట్ అంటారు, నాకు ఆ పేరే నచ్చింది. హుడీని తిరగేసి చూడండి. బయట నున్నగా బనియన్ బట్టలా ఉంటుంది, లోపల చిన్న చిన్న లూపులు వరుసగా కనిపిస్తాయి. అల్లేటప్పుడు ఒక నూలు బట్టను తయారుచేస్తుంటే, ఇంకో నూలును అక్కడక్కడా సూదులకు తగిలించి మధ్యలో వదులుగా వెనక్కి వదిలేస్తారు. ఇక్కడా లూప్ అదనపుదే, కాకపోతే ఒక్క వైపే.

ఆ లూపుల మధ్య కొంచెం గాలి నిలుస్తుంది, చెమట అంటుకోదు. వరంగల్ చలికి ఇది సరిగ్గా సరిపోతుంది. డిసెంబర్‌లో పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నడకకు వేసుకుంటే ఎండెక్కే దాకా విప్పబుద్ధి కాదు. ఇవే లూపులను తీగల బ్రష్‌తో చీల్చి నూగులా చేస్తే అది ఫ్లీస్ అవుతుంది. గాలిని ఎక్కువ పట్టి ఉంచుతుంది కాబట్టి వెచ్చన ఎక్కువ. ఆదిలాబాద్ చలికి ఫ్లీస్ కావాలి, ఇక్కడ తొమ్మిదింటికల్లా ఉక్కపోస్తుంది. పైగా నూగు కొన్నాళ్లకు ఉండలు కడుతుంది.

ఫ్రెంచ్ టెర్రీకి ఉన్న అసలు లోపం మోచేతుల దగ్గర. నా హుడీలో అక్కడ బట్ట సాగి ఉబ్బెత్తుగా నిలిచిపోయింది, ఉతికితే కొంత దిగుతుంది గానీ పూర్తిగా కాదు. కాటన్ నూలుకు వెనక్కి లాగే గుణం తక్కువ. అందుకే నడుము దగ్గర, మణికట్టు దగ్గర పెట్టే రిబ్ పట్టీలో లైక్రా ఉందో లేదో చూడాలి. పట్టీని రెట్టింపు సాగదీసి వదిలితే వెంటనే ముడుచుకోవాలి. తడిసిన హుడీని హ్యాంగర్‌కు తగిలిస్తే దాని బరువుకే పొడుగైపోతుంది, తీగ మీద మధ్యకు మడిచి వేయాలి.

జెర్సీలో అదనపు లూప్ అంటూ ఏదీ ఉండదు. లూపులే బట్ట. ముందు నుంచి సన్నటి వీ ఆకారాలు, వెనక నుంచి అర్ధచంద్రాల్లాంటి వంపులు కనిపిస్తాయి. ప్రతి లూప్ కింది వరుస లూప్‌లోంచి దూరి వంపుగా నిలిచింది కాబట్టి అడ్డంగా లాగితే వంపు తెరుచుకుని బాగా సాగుతుంది. 160–180 జీఎస్ఎం టీషర్టు మే నెల ఎండలో కూడా వేసుకోగలమంటే ఈ పల్చదనం వల్లే. అయితే రెండు వైపులా అల్లిక ఒకేలా లేదు కాబట్టి కత్తిరించిన అంచు చుట్టుకుపోతుంది, మడిచి కుట్టకపోతే నిలవదు.

టీషర్టులతో నాకు ఎక్కువ చిరాకు తెచ్చింది పక్క కుట్టు మెలితిరగడం. కొత్తలో చంక కింద నుంచి నిటారుగా ఉన్న కుట్టు కొన్ని ఉతుకుల తర్వాత బొడ్డు వైపుకు వచ్చేస్తుంది. నూలు వడికినప్పుడు పెట్టిన మెలిక నీళ్లలో విప్పుకోవాలని చూస్తుంది, దాంతో ప్రతి లూప్ కొంచెం పక్కకు ఒరుగుతుంది. గుండ్రటి మెషీన్ మీద ఒకేసారి చాలా నూళ్లు అందించి అల్లడం వల్ల వరుసలు ముందే ఏటవాలుగా ఉంటాయి, అదీ తోడవుతుంది. ఇస్త్రీతో సరిచేసినా తర్వాతి ఉతుకుకు మళ్లీ తిరుగుతుంది. షాపులో టీషర్టును బల్ల మీద పరిచి, నిలువు వీ వరుసల్లో ఒకదాన్ని కింది అంచు దాకా కళ్లతో వెంబడించండి. ఆ వరుస పక్క కుట్టుకు దూరంగా జరుగుతూ పోతే అది తిరిగే బట్టే.

పోగు లేచినప్పుడు మూడింటికీ ఒకే వైద్యం పనికిరాదు. తలుపు మేకుకు తగిలి టవల్ లూప్ పొడుగ్గా లేస్తే కత్తెరతో దాన్ని మొదటి దాకా కత్తిరించేయండి. లాగితే ఆ పడుగు నూలు వెంట ఉన్న లూపులన్నీ చదునవుతాయి. హుడీ లోపలి లూప్ జిప్‌కో వెల్క్రోకో తగిలి లేస్తే కత్తిరించకుండా, బట్టను రెండు వైపులా మెల్లగా లాగుతూ సర్దితే చాలావరకు వెనక్కి పోతుంది. జెర్సీకి మాత్రం కత్తెర దగ్గరికి రానివ్వకండి. ఒక్క లూప్ తెగితే దాని కింద, పైన ఉన్నవి పట్టు తప్పి నిచ్చెన మెట్లలా జారిపోతాయి. లేచిన పోగును సూదితో లోపలి వైపుకు లాగి, ఇప్పటికే తెగి ఉంటే అదే రంగు దారంతో ఆ లూప్‌ను ముందుగా పట్టి కుట్టండి, ఆ తర్వాతే ఉతకండి.