నాలుగు సీజన్లు వాడిన పంటల క్యాలెండర్ పట్టిక: ఏది పనికొచ్చింది, ఏది మార్చుకోవాల్సి వచ్చింది

మూడు చోట్ల ఉన్న పొలానికి ఈ పట్టిక వాడుతున్నాం: చెరువు కింది మడి, బోరు మడి, పత్తి వేసే చెలక. గూగుల్ షీట్స్‌లో ఒక్కో పొలానికి ఒక్కో వరుస. విత్తడం, ఎరువు, తడి, కోత నిలువు గడులు. మొదటి సీజన్‌లో వీటన్నిటికీ తేదీలే రాసి పెట్టుకున్నాం. అది గోడకు తగిలించే క్యాలెండర్ కన్నా ఏమీ మెరుగ్గా లేదు. వాన వారం ఆలస్యమైతే వరుస మొత్తం తప్పే.

ఇప్పుడు చేత్తో రాసే తేదీ ఒక్కటే, నారు పోసిన రోజు. దాని పక్కన రకం ఎన్ని రోజులదో రాస్తే మిగతావి షీటే లెక్క కడుతుంది. C గడిలో పంటకాలం, D గడిలో నారు పోసిన తేదీ ఉంటే, వరికి ఈ మూడు సూత్రాలు చాలు:

```
=D2+C2-65
=D2+C2-10
=D2+C2
```

మొదటిది చిరుపొట్ట దశ, అంటే చివరి దఫా యూరియా సమయం. రెండోది మడిలో నీళ్లు తీసేసే రోజు, మూడోది కోత. చిరుపొట్టను విత్తిన రోజు నుంచి కాకుండా కోత నుంచి వెనక్కి లెక్కపెట్టడానికి కారణం ఉంది. చిరుపొట్ట నుంచి ఈనడానికి, ఈనిన తర్వాత గింజ ముదరడానికి ఏ రకానికైనా ఇంచుమించు నెల, నెల పడుతుంది. స్వల్పకాలిక రకానికీ దీర్ఘకాలిక రకానికీ తేడా వచ్చేదల్లా అంతకు ముందు, పిలకలు వేసే కాలంలోనే.

జూన్ 20న రెండు మళ్లకూ నారు పోశారనుకుందాం. చెరువు కింది మడిలో 150 రోజుల బీపీటీ 5204, బోరు మడిలో 120 రోజుల ఎంటీయూ 1010. చిరుపొట్ట బీపీటీకి సెప్టెంబర్ 13న, 1010కి ఆగస్టు 14న వస్తుంది. కోతలు నవంబర్ 17, అక్టోబర్ 18. ఒకే రోజు నారు పోసినా చివరి యూరియాకు నెల తేడా. ‘నాటిన యాభై రోజులకు’ అని రెండింటికీ ఒకే అంకె రాస్తే, 1010కి అప్పటికే సమయం దాటిపోతుంది. ఆ ఆలస్యపు నత్రజని కంకికి పెద్దగా అందదు, పైరును పచ్చగా ఉంచి తెగుళ్లను పిలుస్తుంది.

అయితే ఈ తేదీని గుడ్డిగా నమ్మకూడదు. ముదురు నారు నాటినా, యాసంగిలో చలి పట్టినా వారం పైనే జరుగుతుంది. షీట్ చూపిన రోజుకు నాలుగు రోజుల ముందు నుంచి తల్లి పిలకలు నాలుగైదు పీకి, కాండాన్ని నిలువునా చీల్చి చూడాలి. పై కణుపు మీద మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తెల్లని నూగు మొన కనబడితే అదే సమయం. నీళ్లు తీసి, బురద పదునులో యూరియా చల్లి, 36 నుంచి 48 గంటలయ్యాక మళ్లీ నీళ్లు పెట్టాలి. పట్టికలో ‘అనుకున్న రోజు’ పక్కనే ‘చేసిన రోజు’ గడి ఉండటం అందుకే. రెండు సీజన్ల తేడా చూశాకే మా యాసంగి 1010 పంటకాలాన్ని 120 నుంచి 130కి మార్చాం.

బలహీనమైనది తడి గడి. వరిలో నీళ్లకు తేదీలు రాయడం దండగ. ఇప్పుడు అక్కడ ‘ఇంత నుంచి ఇంత వరకు నీళ్లు 5 సెంటీమీటర్ల కన్నా తగ్గొద్దు’ అని చిరుపొట్ట నుంచి గింజ పాలు పోసుకునే దాకా ఉన్న కాలాన్ని మాత్రమే రాస్తున్నాం. ఇది ఇంకోలా పనికొచ్చింది. ఒకే బోరు కింద రెండు మళ్లకు ఆ కాలం ఒకేసారి పడితే, నారు పోయకముందే తెలిసిపోతుంది. అప్పుడు ఒకదాని నారును పదిహేను రోజులు ఆలస్యంగా పోయొచ్చు.

పత్తికి ఈ మూస సరిపోలేదు. విత్తిన 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాల ఎరువు లెక్క షీట్‌లో బాగానే వస్తుంది, కానీ వర్షాధార చెలకలో నేల పదును లేని రోజున యూరియా వేస్తే మొక్కకు అందదు. అందుకే తేదీ పక్కన ‘పదును ఉంటేనే’ అని రాసుకోవాలి. కోతకు కూడా ఒక గడి చాలదు, తీతలు మూడు నాలుగు ఉంటాయి.

ఎక్కువగా విసిగించింది తేదీల అమరిక. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే 20/06 అని కొట్టినదాన్ని తేదీగా తీసుకోదు, `#VALUE!` చూపిస్తుంది. 07/06 మరీ ప్రమాదం. జూలై 6గా తీసుకుని, తప్పు చూపకుండానే లెక్కంతా నెల ఆలస్యంగా చూపిస్తుంది. కంప్యూటర్‌లో `File > Settings > Locale` కి వెళ్లి `India` పెట్టుకుంటే తీరుతుంది.

ఫోన్ చూడని పెద్దవాళ్ల కోసం ఒక కార్తె గడి కలిపి, ముద్రించి, లామినేషన్ చేయించి మోటారు గదిలో కట్టాం. ‘చేసిన రోజు’ను మార్కర్‌తో అక్కడే రాస్తే, సాయంత్రం షీట్‌లో ఎక్కించుకోవడమే. నీలం బాల్‌పెన్ రాత మొదటి వానకే చెదిరిపోయింది.