సిస్ట్ తీస్తామన్నారు, గర్భసంచి తీసేశారు: ఆపరేషన్ సంతకం దగ్గర జాగ్రత్త

కోనసీమలో ఆడవాళ్ల ఆపరేషన్ కోసం ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్లేవాళ్లందరికీ ఈ పోస్టు. ఆసుపత్రి పేరు రాయడం లేదు, కేసు నడుస్తోంది. పేరు కన్నా ఏం జరిగిందన్నదే మీకు పనికొస్తుంది, ఎందుకంటే ఇది ఒక్క ఆసుపత్రితో పోయే అలవాటు కాదు.

మా వదినకు నలభై ఒక్కేళ్లు. నెలసరి ఎక్కువ రోజులు ఉండటం, నొప్పి. స్కానింగ్‌లో ఎడమ అండాశయంలో 5 సెంటీమీటర్ల సిస్ట్ కనిపించింది. చిన్న రంధ్రాలు పెట్టి లాపరోస్కోపీలో చూసి సిస్ట్ తీసేస్తామని, మర్నాడో ఆ పై రోజో ఇంటికి వెళ్లిపోవచ్చని డాక్టరు గారు చెప్పారు. వదిన ఒప్పుకుని సంతకం పెట్టింది. ఓటీలోకి తీసుకెళ్లిన కాసేపటికి నర్సు బయటికొచ్చి అన్నయ్యను పిలిచింది. "లోపల గర్భసంచి అస్సలు బాలేదంటండి, రెండువైపులా అండాశయాలకి అతుక్కుపోయి ఉందంట. ఎలాగూ మత్తు ఇచ్చేశారు కదా, ఒకేసారి తీసేస్తే మళ్లీ ఇబ్బంది ఉండదు. ఇక్కడ సంతకం పెట్టండి" అంది. భార్య లోపల మత్తులో ఉండగా, తలుపు దగ్గర కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషిని ఏ భర్తైనా ఏమని ప్రశ్నిస్తాడు? పెట్టేశాడు. పొట్ట కోసి గర్భసంచి, రెండు అండాశయాలు, ట్యూబులు అన్నీ తీసేశారు. వదినకు ఆ సంగతి మెలకువ వచ్చాక తెలిసింది.

రెండు అండాశయాలూ పోతే ఆడవాళ్లకు మెనోపాజ్ మెల్లగా రాదు, ఆపరేషన్ అయిన వెంటనే మొదలవుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు త్వరగా పలచబడటం. అందుకే ఆ వయసులో హార్మోన్ మాత్రల గురించి ముందే మాట్లాడతారు. మా వదినతో ఎవరూ మాట్లాడలేదు. బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ లేదని, ఎండోమెట్రియోసిస్ అని వచ్చింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరగడాన్ని అలా అంటారు.

ఇక మేం కోపం మీద ఉన్నాం కాబట్టి కాగితాలన్నీ తీసుకుని కాకినాడలో ఇంకో గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆవిడ చెప్పింది విన్నాకే నాకు అసలు విషయం అర్థమైంది. "ఆపరేషన్ శుభ్రంగానే చేశారండి. మూత్రనాళానికి దెబ్బ తగల్లేదు, ఇన్‌ఫెక్షన్ రాలేదు. ఎండోమెట్రియోసిస్ ముదిరినప్పుడు గర్భసంచి, అండాశయాలు తీసేసే డాక్టర్లూ ఉన్నారు. నేనైతే సిస్ట్ తీసి, ఒక అండాశయమైనా ఉంచి, మందులతో చూసేదాన్ని. కానీ ఆయన చేసింది ఏ డాక్టరూ చేయని పని అని మాత్రం చెప్పలేను" అన్నారు.

కోర్టు డాక్టరును కొలిచే కొలత కూడా సరిగ్గా ఇదే. 1957లో ఇంగ్లండ్‌లో బోలమ్ అనే కేసులో వచ్చిన సూత్రం అది. మన సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో దాన్నే ఖాయం చేసింది. డాక్టరు దేశంలోకెల్లా గొప్పవాడు కానక్కర్లేదు. ఆ వైద్యంలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు ఎంత శ్రద్ధగా చేస్తాడో అంత శ్రద్ధ చూపితే చాలు. రెండు పద్ధతులు వాడుకలో ఉంటే, ఆయన ఎంచుకున్నది మనకు నచ్చనిదైనా, బాధ్యత గల డాక్టర్లు కొందరు ఒప్పుకునేదైతే అది నిర్లక్ష్యం కాదు. ఫలితం బాగోకపోయినంత మాత్రాన కూడా నిర్లక్ష్యం కాదు. మా ఊళ్లో చాలామంది కేసులు ఇక్కడే ఆగిపోతాయి. "ఆపరేషన్ ఫెయిలైంది" అని వెళ్తారు, అవతలివాళ్లు ఇంకో డాక్టరు చేత "ఇది మామూలుగా చేసే పద్ధతే" అని చెప్పిస్తారు, అయిపోతుంది.

అలాగని ప్రతిదానికీ ఎక్స్‌పర్ట్ సాక్ష్యం కావాలని కూడా లేదు. హైదరాబాద్‌లో జ్వరంతో చేరిన ఆవిడకు మలేరియా ఉంటే టైఫాయిడ్ వైద్యం చేశారని, ఆవిడ చనిపోయారని భర్త వేసిన కేసు ఒకటుంది, కిషన్ రావు కేసంటారు. తప్పు పైకే కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు అందులో చెప్పింది. కానీ మా వదిన విషయం అలాంటిది కాదు. గర్భసంచి తీయాలా వద్దా అన్నది డాక్టర్లే రెండు మాటలు చెప్పే విషయం.

కాబట్టి ఆపరేషన్ బాగా చేశారా లేదా అన్న ప్రశ్నను పట్టుకుని వేలాడితే మేం ఓడిపోయేవాళ్లం. గట్టి ప్రశ్న వేరే ఉంది: ఆ ఆపరేషన్‌కు ఒప్పుకున్నది ఎవరు?

దీనికి అచ్చంగా సరిపోయే తీర్పు 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది, సమీరా కోహ్లీ కేసు. నలభై నాలుగేళ్ల పెళ్లికాని ఆవిడ 1995లో ఢిల్లీలో ఎక్కువ బ్లీడింగ్‌తో ఒక క్లినిక్‌కు వెళ్లింది. లాపరోస్కోపీకి సంతకం పెట్టింది, అవసరమైతే పొట్ట తెరవాల్సి రావచ్చని కూడా అందులో ఉంది. మత్తులో ఉండగా లోపల ఎండోమెట్రియోసిస్ కనిపించింది. సహాయ డాక్టరు బయటికొచ్చి వాళ్లమ్మ చేత సంతకం పెట్టించుకుంటే, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. చదువుతుంటే మా ఇంటి సంగతే ఎవరో రాసినట్టుంది. మా దగ్గర అమ్మ బదులు భర్త, అంతే తేడా.

కోర్టు ఏమందంటే, సొంతంగా నిర్ణయం తీసుకోగల మేజరైన మనిషికి బదులు ఇంకొకరి ఒప్పుకోలు చెల్లదు. ఆవిడ మత్తులో ఉన్నది కాసేపే, లేచేదాకా ఆగి అడగొచ్చు. పరీక్ష కోసం ఇచ్చిన అనుమతి చికిత్సకు అనుమతి కాదు. ఒక ఆపరేషన్‌కు ఇచ్చిన అనుమతి ఇంకో ఆపరేషన్‌కు పనికిరాదు. ప్రాణం కాపాడటానికో, ఆరోగ్యం దెబ్బతినకుండా ఉండటానికో అప్పటికప్పుడు చేయాల్సి వచ్చి, అడిగేదాకా ఆగితే ముప్పు ఉంటే తప్ప, డాక్టరు తనంతట తాను దాటకూడదు. మళ్లీ మత్తు ఇచ్చే పని తప్పుతుందని, ఖర్చు కలిసొస్తుందని చేయడానికి లేదు. డాక్టరు మంచి ఉద్దేశంతో చేసినా, పేషెంటుకు మేలే జరిగినా, ఒప్పుకోలు లేదంటే లేనట్టే.

ఒప్పుకోలు అంటే అడుగున సంతకం మాత్రమే కాదని కూడా ఆ తీర్పే చెప్పింది. ఏం చేస్తారు, ఎందుకు, దానివల్ల లాభమేంటి, వేరే దారులున్నాయా, పెద్ద ముప్పులేంటి, వద్దంటే ఏమవుతుంది, ఇవి పేషెంటుకు చెప్పాలి. ఎప్పుడో లక్షలో ఒకరికి వచ్చేవి కూడా చెప్పి భయపెట్టక్కర్లేదు. ఈ విషయంలో మన కోర్టు అమెరికా పద్ధతి అంత కఠినంగా వెళ్లలేదు.

ఎక్కువ ఆశ పెట్టకుండా ఇది కూడా చెప్పాలి. ఆ కేసులో ఆవిడకు చివరికి దక్కింది 25,000 రూపాయల పరిహారం, ఆపరేషన్ ఫీజు డాక్టరు వదులుకోవడం. అన్నేళ్ల పోరాటానికి అదా అని నాకూ అనిపించింది. డాక్టరు పేషెంటు మేలు కోరే చేశారని కోర్టు నమ్మింది కాబట్టి అంత తగ్గింది. లక్షలు ఇప్పిస్తామని మీ దగ్గరికి ఎవరైనా వస్తే ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

ఇక మా కాగితాల్లో ఏం దొరికిందో చెప్తాను. కేస్ షీట్ కాపీ కావాలని రాతపూర్వకంగా అడిగాం. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం పేషెంటు అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. మొదట డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చేతిలో పెట్టారు. అది సరిపోదు. కన్సెంట్ ఫారం, మత్తు డాక్టరు రాసిన షీట్, ఓటీ నోట్స్, నర్సుల చార్ట్, స్కానింగ్, బయాప్సీ అన్నీ పేరుపేరునా రాసి అడగాలి. అడిగిన కాగితం మీద వాళ్ల స్టాంపు వేయించుకోండి.

మత్తు షీట్‌లో మత్తు ఇచ్చిన సమయం 10.40. అన్నయ్య సంతకం పక్కన నర్సు రాసిన సమయం 11.25. అంటే అనుమతి తీసుకున్నప్పుడు వదిన అప్పటికే ముప్పావు గంటగా మత్తులో ఉందని ఆసుపత్రి కాగితాలే చెబుతున్నాయి. కన్సెంట్ ఫారంలో వదిన సంతకం పైన నీలం ఇంకుతో "లాపరోస్కోపీ, సిస్ట్" అని ఉంది. గర్భసంచి తొలగింపు అన్న మాట దాని కింద ఇరుకులో నల్ల ఇంకుతో ఇరికించారు. బీపీ, నాడి రాసే గళ్లలో అంకెలు మొదటి నుంచి చివరిదాకా మామూలుగానే ఉన్నాయి. రక్తం ఎక్కించలేదు. ప్రాణం మీదికి వచ్చిందని చెప్పడానికి ఓటీ నోట్స్‌లో ఒక్క ముక్క లేదు. కాకినాడ డాక్టరు గారు ఈ కాగితాలు చూసి, "దీని మీద నేను రాసిస్తాను, అత్యవసరం కనపడట్లేదని" అన్నారు. ఆపరేషన్ తప్పని రాయనన్న మనిషే ఇది రాసిచ్చారు.

"అవసరమనిపిస్తే ఇతర ఆపరేషన్లు చేయడానికి అంగీకరిస్తున్నాను" అని ఫారంలో ముందే ఇంగ్లీషులో అచ్చు వేసిన వాక్యం ఒకటుంటుంది. ఆసుపత్రి వాళ్లు మాకు అదే చూపించారు. అత్యవసరం లేనప్పుడు ఆ ఒక్క వాక్యంతో అవయవాలు తీయొచ్చంటే, ఆ తీర్పులో చెప్పిన మిగతా మాటలకు అర్థమే ఉండదని మా వకీలు గారి వాదన. నాకూ అలాగే అనిపిస్తోంది. వినియోగదారుల కమిషన్ ఏమంటుందో చూడాలి.

ఆపరేషన్ ఉన్నవాళ్లు సంతకానికి ముందు ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన తెలుగులోనే రాయండి: "సిస్ట్ మాత్రమే తీయడానికి ఒప్పుకుంటున్నాను. గర్భసంచి గానీ అండాశయం గానీ తీయాల్సి వస్తే నేను మెలకువలోకి వచ్చాక నన్ను అడగాలి, ప్రాణాపాయం ఉంటే తప్ప." ఫోటో తీసి పెట్టుకోండి. ఒకవేళ రెండూ ఒకేసారి చేయించుకోవడమే మీకు ఇష్టమైతే అదీ ముందే రాయించవచ్చు, తప్పేం లేదు. బయట కూర్చునే మనిషికి కూడా చెప్పి ఉంచండి. తలుపు దగ్గర కాగితం తెస్తే అడగాల్సింది ఒక్కటే: "ఇప్పుడు తీయకపోతే ప్రాణానికి ప్రమాదమా? అయితే ఆ మాట ఇందులో రాసి డాక్టరు గారి సంతకం పెట్టించండి."

ఇప్పటికే జరిగిపోయినవాళ్లకు గడువు రెండేళ్లు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నుంచే ఉంది. మీరుండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే కమిషన్‌కు ఫీజు లేదు. పోలీసు కేసు పెట్టమని మాకూ చాలామంది చెప్పారు, కానీ దానికి నిర్లక్ష్యం చాలా ఘోరంగా ఉండాలి. మా ఫిర్యాదులో "అనుమతి లేకుండా అవయవాలు తొలగించారు" అన్నదాన్నే మొదటి ఆరోపణగా పెట్టాం, వైద్యం తప్పన్నది రెండోది. ఆసుపత్రికి నోటీసు వెళ్లింది, జవాబు రావాలి.