"గ్రిడ్ రెడీ" కవర్ల పేజీకి డబ్బు పంపేముందు ఒక్కసారి ఇది చదవండి

ఇన్‌స్టాగ్రామ్‌లో ఏ పేజీ గురించి చెబుతున్నానో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. ప్రమోషన్ రీల్స్ చేయించుకునే వాళ్ళకి వాళ్ళ యాడ్ ఎప్పుడో ఒకసారి తగిలే ఉంటుంది. ఎడిటింగ్, ఓపెనింగ్ టెక్స్ట్, కవర్ అన్నీ కలిపి ఒక ప్యాకేజీ, డబ్బు మొత్తం ముందే. నేను కట్టాను. ఇంకా కోపం మీదే రాస్తున్నాను కాబట్టి మాట కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి.

నేను ఆన్‌లైన్‌లో కుట్టు నేర్పుతాను. కొత్త బ్యాచ్ కోసం ఒక రీల్ చేయించాను. మెషిన్ కొనేముందు చూసుకోవాల్సిన మూడు విషయాలు, అదీ సబ్జెక్టు. కవర్ మీద రెండు లైన్లు పెట్టారు. పైన "ఈ మూడు చూడకుండా", దాని కింద "కుట్టు మెషిన్ కొనకండి". ఫుల్ స్క్రీన్‌లోనూ, వాళ్ళు పంపిన ప్రివ్యూలోనూ చూస్తే బాగానే ఉంది, నేనూ "సూపర్" అని మెసేజ్ పెట్టాను. ఆ "సూపర్" గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. నాకు కాదు, వాళ్ళకి.

పోస్ట్ చేసి నా ప్రొఫైల్ తెరిస్తే గ్రిడ్‌లో, అంటే పోస్టులన్నీ గడులుగా కనిపించేచోట, ఏముందో తెలుసా? "కుట్టు మెషిన్ కొనకండి". అంతే. కుట్టు టీచర్ ప్రొఫైల్‌లో, అన్నిటికన్నా ముందు గడిలో, లావుపాటి పసుపు అక్షరాలతో. పై లైను మొత్తం పోయినా కొంత నయమే, అక్షరాల తలకట్లు కోసుకుపోయి కింది ముక్కలు మాత్రం అంచున మిగిలాయి. చూసేవాళ్ళకి అది తెలుగో గీతలో కూడా తెలియదు. పాత స్టూడెంట్ ఒకామె మెసేజ్ పెట్టింది, "మేడమ్, క్లాసులు ఆపేస్తున్నారా?" అని. ప్రమోషన్ అంటే ఇదీ!

ఎందుకిలా అయిందో ఆ రాత్రే కూర్చుని లెక్క చూశాను. రీల్ కవర్ వెడల్పు 1080, ఎత్తు 1920 పిక్సెల్స్. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ గ్రిడ్‌లో ఒక్కో గడి 3:4 కొలతలో ఉంటుంది, అంటే 1080 వెడల్పుకి 1440 ఎత్తు. మిగిలిన 480 పిక్సెల్స్‌లో పైన 240, కింద 240 కత్తిరించేస్తుంది. పక్కలు ఏమీ పోవు, పోయేది పైనా కిందా మాత్రమే. నా పై లైను 170 దగ్గర మొదలై 290 దగ్గర ముగిసింది. 240 దగ్గర కత్తి పడింది. మిగిలిన ఆ 50 పిక్సెల్సే నేను చూసిన గీతలు.

ఇది నేను వాళ్ళకి స్క్రీన్‌షాట్‌తో సహా పంపాను. ఇప్పుడు అసలు కథ.

మొదటి జవాబు: "మా దగ్గర బాగానే కనిపిస్తోంది మేడమ్, మీ ఫోన్ ప్రాబ్లం." సరే, ఇంకో ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ కూడా పంపాను. రెండో జవాబు: "ఇన్‌స్టా ఈమధ్య గ్రిడ్ సైజు మార్చింది, దానికి మేమేం చేస్తాం." ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. గ్రిడ్ మారింది నిజమే, 2025 జనవరిలో చతురస్రం నుంచి నిలువు గడులకి మారింది. కానీ పాత చతురస్రం గడి 1080కి 1080. అంటే అప్పట్లో పైన 240 కాదు, ఏకంగా 420 పిక్సెల్స్ పోయేవి. నా పై లైను పాత గ్రిడ్‌లో అయితే ఆనవాలు కూడా లేకుండా పోయేది! మార్పు వల్ల ఇది చెడిపోలేదు, నిజానికి మార్పు వల్లే ఆ కింది ముక్కలన్నా మిగిలాయి. ఏ గ్రిడ్‌కీ పనికిరాని చోట టెక్స్ట్ పెట్టి, దానికి "గ్రిడ్ రెడీ" అని పేరు పెట్టి అమ్ముతున్నారు.

ఈ లెక్క అంతా టైప్ చేసి పంపితే వచ్చిన మూడో జవాబు నా "సూపర్" మెసేజ్ స్క్రీన్‌షాట్. దాని చుట్టూ ఎర్రగా ఒక గుండ్రం గీసి, కింద "అప్రూవ్ చేసింది మీరే కదా మేడమ్" అని, పక్కన దణ్ణం ఎమోజీ. ఆ దణ్ణం ఉందే, అది మాత్రం మర్చిపోలేను.

అప్రూవ్ చేశాను, నిజమే. దేన్ని చూసి చేశాను? ముందు రోజు వాళ్ళు పంపిన "మీ గ్రిడ్ ప్రివ్యూ"ని చూసి. దాన్ని ఇప్పుడు మళ్ళీ తీసి పరీక్షగా చూస్తే గడులన్నీ పొడుగ్గా, పూర్తి 9:16లో ఉన్నాయి. ఒక్కో గడి కింద ఎడమ మూల ప్లే గుర్తు, పక్కన వ్యూస్ సంఖ్య. అది ప్రొఫైల్ మొదటి పేజీ కాదు, రీల్స్ ట్యాబ్! అక్కడ కవర్ దాదాపు మొత్తం కనిపిస్తుంది, అక్కడ ఏ డిజైన్ అయినా బాగానే ఉంటుంది. ప్రొఫైల్‌కి వచ్చినవాళ్ళు ముందు చూసేది మాత్రం మెయిన్ గ్రిడ్‌ని, ఆ రెండో ట్యాబ్ దాకా అందరూ వెళ్ళరు. తెలియక అలా పంపారని అనుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే అదే పేజీ వాళ్ళ సొంత కవర్లలో టెక్స్ట్ అంతా చక్కగా మధ్యలోనే ఉంది. చూసుకున్నాను.

కవర్‌ని కాస్త కిందికి జరిపితే సరిపోతుంది కదా అని మీరు అనొచ్చు. గ్రిడ్‌లో ఏ భాగం కనిపించాలో జరుపుకునే వీలుంది, నేనూ ప్రయత్నించాను. పై లైను మొత్తం కనబడాలంటే కనిపించే భాగం 150 దగ్గర మొదలవ్వాలి, అప్పుడు అది 1590 దగ్గర ముగుస్తుంది. కానీ వాళ్ళు కింద 1570 నుంచి 1660 దాకా "మొదటి క్లాసు ఉచితం" అని ఒక పట్టీ పెట్టారు. పైది ఉంచుకుంటే కిందది తెగుతుంది, కిందది ఉంచుకుంటే పైది తెగుతుంది. పోనీ ఆ పట్టీ వీడియో నడిచేటప్పుడైనా పనికొచ్చిందా అంటే, అదీ లేదు. సరిగ్గా దాని మీదే నా ప్రొఫైల్ పేరు, క్యాప్షన్ వచ్చి కూర్చున్నాయి. మెటా తన రీల్స్ యాడ్స్ గైడ్‌లోనే పైన 14 శాతం, కింద 35 శాతం, పక్కల 6 శాతం చొప్పున టెక్స్ట్ లేకుండా వదలమని చెబుతుంది. 1920 ఎత్తుకి లెక్కేస్తే టెక్స్ట్‌కి మిగిలేది సుమారు 270 నుంచి 1250 దాకా. ఆ మధ్య భాగంలో పెట్టింది గ్రిడ్‌లోనూ తెగదు, వీడియోలోనూ బటన్ల కింద దాగదు. ప్యాకేజీ అమ్మేవాళ్ళకి ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు.

కవర్ మార్చి పారేద్దామని చూస్తే అక్కడ ఇంకో మెలిక. పోస్ట్ చేసిన తర్వాత కూడా కవర్ మార్చుకోవచ్చు, వీడియోని మాత్రం మార్చలేం. వీళ్ళు కవర్‌కి విడిగా ఇమేజ్ ఫైల్ ఇవ్వలేదు. వీడియో మొదట్లోనే ఆ రెండు లైన్లని అతికించేసి, "మొదటి ఫ్రేమ్‌ని కవర్‌గా పెట్టుకోండి" అన్నారు. ఒక దెబ్బకి రెండు పనులు అయిపోయాయని వాళ్ళ సంబరం. కానీ అవి రెండూ వేరు వేరు పనులు. ఫీడ్‌లో రీల్ ఎదురైనవాళ్ళకి కవర్ అసలు కనబడదు, వీడియో నేరుగా నడిచిపోతుంది. అక్కడ ఆపాల్సింది ఓపెనింగ్ టెక్స్ట్. అది మొదటి క్షణం నుంచే పూర్తిగా కనిపించాలి, వెనక ఏదో ఒకటి కదులుతూ ఉండాలి. కవర్ పని ప్రొఫైల్‌లో, వేలి గోరంత గడిలో. దానికి కదలని, స్పష్టమైన బొమ్మ కావాలి, తక్కువ మాటలు కావాలి.

వీళ్ళు చేసింది రెండింటికీ చెడింది. అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరొచ్చే యానిమేషన్ పెట్టారు, కాబట్టి మొదటి ఫ్రేమ్‌లో టెక్స్ట్ పూర్తిగా ఉండదు. అందుకే పోస్ట్ చేసేటప్పుడే కవర్ ఎంచుకునేచోట స్లైడర్‌ని ముందుకి జరిపి, రెండు లైన్లూ పూర్తయిన ఫ్రేమ్‌ని వెతికి పెట్టాల్సి వచ్చింది. అది దొరికేసరికి వెనక నా చెయ్యి గుడ్డని లాగుతోంది, చెయ్యి మొత్తం అలికేసినట్టుంది, సూది ఎక్కడుందో కనబడదు. చెయ్యి ఆగిన ఫ్రేమ్ దగ్గరికి వెళ్తే టెక్స్ట్ మాయం. ఆఖరికి మెషిన్ బాగా కనబడే ఒక ఫ్రేమ్‌ని, టెక్స్ట్ లేకుండానే, కవర్‌గా పెట్టి ఊరుకున్నాను. "కొనకండి" అన్న మాట పోయింది, అది చాలు.

టెక్స్ట్ సైజు గురించి కూడా ఒక మాట. గ్రిడ్‌లో వరుసకి మూడు గడులు. అంటే ఫుల్ స్క్రీన్‌లో చూసిన అక్షరం అక్కడ మూడో వంతుకి కుంచించుకుపోతుంది. తెలుగులో ఇది ఇంకా ఇబ్బంది, ఎందుకంటే "కుట్టు" లాంటి మాటలో టవత్తు కింద ఉంటుంది, రెండు లైన్లు దగ్గరగా పెడితే పై లైను వత్తులు కింది లైను గుడుల్లోకి దిగిపోతాయి. వాళ్ళు లైన్ల మధ్య చోటు అస్సలు వదల్లేదు, పైగా అక్షరాలకి నల్ల అంచు గీశారు. చిన్న గడిలో ఆ అంచులన్నీ కలిసిపోయి ముద్దయ్యాయి. ఈ సంగతి కూడా చెప్పాను. "అది స్టైల్ మేడమ్" అన్నారు.

తర్వాత సరిచేసి ఇస్తామన్నారు, "రీ-ఎడిట్ ఛార్జీ" కడితే. ప్రాజెక్ట్ ఫైల్ ఇవ్వండి, నేనే వేరేచోట చేయించుకుంటాను అంటే అది ప్యాకేజీలో లేదట. డబ్బు వెనక్కి అడిగాక బ్లాక్ చేశారు. ఆ పనిని మాత్రం చాలా వేగంగా చేశారు, డెలివరీ కూడా అంత వేగంగా ఇవ్వలేదు.

ఎవరితోనైనా చేయించుకునే వాళ్ళు కవర్‌ని విడిగా ఇమేజ్‌గా ఇమ్మని, టెక్స్ట్ లేని వీడియో కాపీ కూడా ఇమ్మని ముందే రాయించుకోండి. ప్రివ్యూ పంపితే గడులు 3:4లో ఉన్నాయో లేదో చూడండి, పొడుగ్గా ఉండి మూలన వ్యూస్ కనిపిస్తుంటే అది గ్రిడ్ కాదు. కవర్ ఇమేజ్ వచ్చాక ఫోన్ గ్యాలరీలోనే పైన 240, కింద 240 పోయేలా కత్తిరించి, స్క్రీన్‌లో మూడో వంతు సైజుకి తగ్గించి, చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని చదవండి. చదవగలిగితేనే ఓకే చెప్పండి. అప్పటిదాకా "సూపర్" అని మాత్రం పంపకండి, దాని చుట్టూ ఎర్ర గుండ్రం గీయడానికి వాళ్ళు రెడీగా ఉంటారు.