ఛార్జింగ్ సెక్షనా, మెషినరీ సెక్షనా?

పన్ను ఎవరి మీద, దేని మీద పడుతుందో చెప్పేది ఛార్జింగ్ సెక్షన్, దీన్ని కోర్టులు అక్షరం అక్షరం చూస్తాయి, డౌట్ ఉంటే లాభం పన్ను కట్టేవాడికే. నోటీసు, అసెస్‌మెంట్, వసూలు ఇవన్నీ మెషినరీ, పన్ను పడిందని తేలాక అది పని చేసేలా కాస్త ఉదారంగా చదువుతారు.

మరి లెక్కకట్టే సెక్షన్? చిక్కంతా ఇక్కడే. బెంగళూరు అగరుబత్తీల ఫర్మ్ ఒకటి మూతపడుతూ తన గుడ్‌విల్‌ని, అంటే వ్యాపారానికి ఉన్న మంచి పేరుని, కొత్త ఫర్మ్‌కి 1,50,000 రూపాయలకి ఇచ్చింది, డిపార్ట్‌మెంట్ 1961 ఆదాయపు పన్ను చట్టంలోని ఛార్జింగ్ సెక్షన్ 45 కింద ఇది క్యాపిటల్ గెయిన్, అంటే ఆస్తి అమ్మితే వచ్చిన లాభం అంది. కానీ లెక్కకట్టే సెక్షన్ 48 ప్రకారం కొన్న ఖర్చు తీసేయాలి, సొంతంగా పెరిగిన పేరుకి ఖర్చెంతని వేస్తారు? 1981లో శ్రీనివాస శెట్టి కేసులో సుప్రీంకోర్టు రెండూ కలిపి ఒకటే కోడ్ అంది, లెక్క కుదరకపోతే అసలు పన్నే పడదు. ఇది నాకైతే చాలా సరైన తీర్పు. అదే గుడ్‌విల్ డబ్బిచ్చి కొన్నదైతే ఖర్చు తెలుసు కాబట్టి పన్ను పడేది.

ఇప్పుడు ఎగవేత సంగతి. ఆ ఫర్మ్ ఈ లక్షన్నర మీ సెక్షన్‌లోకి రాదని వాదించింది, అది చట్టబద్ధం, పరీక్షలో ఎవేజన్ అని రాస్తే తప్పే. అదే డబ్బు లెక్కల పుస్తకాల్లో చూపకుండా దాచినా, తప్పుడు ధర రాసినా ఎగవేతే. తర్వాత పార్లమెంటు 1988-89 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి అలాంటి గుడ్‌విల్ ఖర్చు సున్నా అని రాసేసింది, అంటే మొత్తం సొమ్మూ గెయినే.